సంవత్సరం మధ్యలో కువైట్ వెళ్లినవాళ్లు, వచ్చేసినవాళ్లు ఐటీ రిటర్న్‌లో రెసిడెన్షియల్ స్టేటస్ ఎలా నింపాలి

జూన్ వచ్చిందంటే కడపలో నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, డిసెంబర్‌లో కువైట్ నుంచి వచ్చేసినా. ఫారంలో రెసిడెంటా, నాన్ రెసిడెంటా అని అడుగుతా ఉంది. ఏది కొట్టాల?" కాసేపటికి ఇంకొకరు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతారు. "ఆగస్టులో మా తమ్ముడు కువైట్ పోయినాడు. వాడు ఎన్నారై కదా?" కమలాపురం, బద్వేలు, ప్రొద్దుటూరు, అటు రాయచోటి, రాజంపేట వరకు గల్ఫ్ పనికి పోయినవాళ్లు లేని వీధి అరుదు కాబట్టి ఈ ప్రశ్న ఆగదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయి ఇలా రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఈ ప్రశ్నకు జవాబు మీ వీసాలో లేదు, బ్యాంకు పాస్‌బుక్‌లో లేదు, ఆధార్‌లోనూ లేదు. పాస్‌పోర్ట్‌లో పడ్డ ముద్రల తేదీల్లో ఉంది. ఇంకో సంగతి, వెళ్లేవాడికి ఒక లెక్క, వచ్చేవాడికి ఇంకో లెక్క. ఇండియాలో ఉన్న రోజులు ఇద్దరికీ ఒకటే అయినా జవాబు మారిపోవచ్చు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

ఉదాహరణలన్నీ 2024-25 ఆర్థిక సంవత్సరానివి. అంటే 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు. ఫారంలో ఇది అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అని కనిపిస్తుంది. ఆ ఏడాదికి వర్తించే రూలు 1961 ఆదాయపు పన్ను చట్టం ఆరో సెక్షన్‌లో ఉంది. భారత పౌరసత్వం ఉండి, ఇక్కడి ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటనివాళ్ల కోసమే రాస్తున్నాను. ఇండియాలోనే అద్దెలు, వడ్డీలు, వ్యాపారం కలిపి 15 లక్షలు దాటుతుంటే మీకు వేరే మెలికలు ఉన్నాయి, నేరుగా ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పటి పాస్‌పోర్ట్, దాంతోపాటు పాత పాస్‌పోర్ట్ కూడా. లెక్క ఏడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు వెనక్కి పోతుంది. పాతది బీరువా అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి.
- విమాన టికెట్లు. కాగితం లేకపోతే మెయిల్‌లోనో, టికెట్ తీసిచ్చిన ఏజెంట్ వాట్సాప్‌లోనో దొరుకుతాయి.
- వెళ్లినవాళ్లయితే వర్క్ వీసా, కంపెనీ కాంట్రాక్ట్, ఈసీఆర్ పాస్‌పోర్ట్ అయితే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితం.
- వచ్చేసినవాళ్లయితే అకామా రద్దు చేసుకున్న కాగితం, కంపెనీ ఇచ్చిన చివరి సెటిల్‌మెంట్ కాగితం. సెలవు మీద వచ్చి ఉంటే లీవ్ లెటర్, తిరుగు టికెట్.
- మీ పేరు మీద నమోదైన ఆదాయం, కోసిన పన్ను చూపించే ఏఐఎస్, 26ఏఎస్. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ నుంచి దింపుకోవచ్చు.
- ఒక తెల్లకాగితం, లేదా ఎక్సెల్ షీట్.

1. ఇండియాలో ఉన్న ప్రతి విడతనూ వరుసగా రాయండి

రెండు గడులు గీయండి. ఎడమవైపు ఇండియాలో దిగిన తేదీ, కుడివైపు ఇండియా నుంచి బయల్దేరిన తేదీ. బయట ఉన్న రోజులు రాయొద్దు, ఇక్కడ ఉన్నవి మాత్రమే రాయండి. చాలామంది "కువైట్‌లో ఇన్ని నెలలు ఉన్నా" అని మొదలుపెట్టి, 365 లోంచి తీసేస్తారు. మధ్యలో పెళ్లికనో సున్తీకనో వచ్చిపోయిన పదిహేను రోజులు అక్కడే జారిపోతాయి.

తేదీలు మన ఇమిగ్రేషన్ ముద్ర నుంచే తీసుకోండి, కువైట్ ముద్ర నుంచి కాదు. శంషాబాద్‌లో రాత్రి పదకొండున్నరకు ముద్ర పడితే కువైట్‌లో మరుసటి రోజు పడుతుంది. బెంగళూరులో తెల్లవారుజామున దిగితే కువైట్ ముద్ర ముందు రోజుది ఉంటుంది. ఒక్కో ప్రయాణానికి ఒక్కో రోజు తేడా వస్తే, హద్దు దగ్గర ఉన్నవాడికి మొత్తం జవాబే తారుమారవుతుంది.

ముద్ర చెరిగిపోయి చదవరాకపోతే టికెట్‌తో సరిచూసుకోండి. "సుమారు జూన్ పది అనుకుంటా" అని మాత్రం రాయొద్దు. ఎప్పుడైనా నోటీసు వచ్చిందంటే ముందుగా అడిగేది పాస్‌పోర్ట్ పేజీల జిరాక్సే.

2. రోజులు లెక్కపెట్టండి

దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ ఇండియాలో ఉన్నట్టే లెక్కేయండి. దిగిన రోజును కలపాలా వద్దా అని ట్రిబ్యునళ్లలో వాదనలు జరిగాయి, పన్ను కట్టేవాళ్లకు అనుకూలంగా తీర్పులు కూడా ఉన్నాయి. కానీ రెండూ కలిపి లెక్కేసినా మీ జవాబు మారకపోతే ఆ గొడవ మీకు అక్కర్లేదు. మారుతుందంటే మీరు హద్దు మీద ఉన్నట్టు. అప్పుడు సొంతంగా ఫారం నింపొద్దు.

ఎక్సెల్ వాడేవాళ్లు దిగిన తేదీ A2 లో, బయల్దేరిన తేదీ B2 లో పెట్టి ఈ ఫార్ములా వేసుకోవచ్చు. ఇది 2024-25 లోపు పడ్డ రోజులను మాత్రమే లెక్కిస్తుంది:

```
=MAX(0, MIN(B2,DATE(2025,3,31)) - MAX(A2,DATE(2024,4,1)) + 1)
```

పాత సంవత్సరాలకు ఇందులోని రెండు తేదీలూ మార్చుకుంటే చాలు. వచ్చేసి ఇక్కడే ఉండిపోయినవాళ్లు B2 లో ఈ రోజు తేదీ పెట్టండి. మార్చి 31 దగ్గర అదే ఆగుతుంది.

చేత్తో లెక్కేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. చివర్లో కలిపే ఆ ఒకటిని మరిచిపోతారు. జూన్ 10 న దిగి జూలై 4 న పోయినవాడు ఇక్కడ 24 రోజులు కాదు, 25 రోజులు ఉన్నాడు.

3. మొదటి ప్రశ్న: 182 రోజులు నిండాయా?

సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మీరు రెసిడెంట్. వెళ్లారా, వచ్చారా, సెలవా, శాశ్వతమా, ఇవేవీ చూడరు. నేరుగా 5 వ అడుగుకు వెళ్లండి.

60 రోజులలోపే ఉంటే నాన్ రెసిడెంట్. 6 వ అడుగుకు పోండి.

60 కి, 182 కి మధ్యలో ఉన్నవాళ్లే కింది అడుగు చదవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే.

4. అసలు చిక్కు: మీరు వెళ్లినవారా, వచ్చినవారా?

ఈ మధ్యస్థం వాళ్లకు చట్టం ఇంకో రూలు పెట్టింది. ఈ ఏడాది 60 రోజులు గానీ ఎక్కువ గానీ ఉండి, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు గానీ ఎక్కువ గానీ ఉంటే వాళ్లు కూడా రెసిడెంటే. ఫారంలో ఇది 6(1)(c) అని కనిపిస్తుంది. అయితే ఇద్దరికి మినహాయింపు ఉంది. ఒకరు ఆ ఏడాది ఉద్యోగం కోసం ఇండియా వదిలి వెళ్లినవారు. రెండోవారు బయటే ఉంటూ చూసిపోవడానికి వచ్చినవారు. వీళ్లిద్దరికీ 60 స్థానంలో 182 పెట్టుకోవాలి. అంటే 182 నిండకపోతే వాళ్లు నాన్ రెసిడెంటే.

మూడోవాడు ఒకడున్నాడు. కువైట్‌లో అకామా రద్దు చేసుకుని, సామాను కార్గోలో వేసి, ఇక చాలనుకుని ఇంటికి వచ్చేసినవాడు. అతను వెళ్లినవాడు కాదు, చూసిపోవడానికి వచ్చినవాడూ కాదు. అతనికి మినహాయింపు లేదు, 60 రోజుల లెక్కే. ఈ తేడా తెలియక "182 దాటలేదు కాబట్టి నాన్ రెసిడెంట్" అని కొట్టేవాళ్లను ఎంతమందిని చూశానో.

కమలాపురం దగ్గరి ఇద్దరు అన్నదమ్ముల లెక్క చూపిస్తాను. గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

తమ్ముడు కడపలో ఏసీ మెకానిక్‌గా పనిచేసేవాడు. కువైట్ కంపెనీ కాంట్రాక్ట్, వర్క్ వీసా తీసుకుని 2024 ఆగస్టు 20 న వెళ్లాడు. మార్చి 31 లోపు మళ్లీ రాలేదు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టులో 20, మొత్తం 142 రోజులు. ముందు నాలుగేళ్లూ ఇక్కడే ఉన్నాడు కాబట్టి 365 ఎప్పుడో దాటింది, 1461 రోజులు. మామూలు రూలు పెడితే రెసిడెంట్ అయిపోతాడు. కానీ ఉద్యోగం కోసం వెళ్లాడు, 182 దాటలేదు, కాబట్టి నాన్ రెసిడెంట్. కువైట్‌లో సంపాదించి అక్కడే అందుకున్న జీతం మీద ఇక్కడ పన్ను లేదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు కడపలో తీసుకున్న జీతం మాత్రమే లెక్కలోకి వస్తుంది.

వెళ్లబోయేవాళ్లకు ఇక్కడో పనికొచ్చే తేదీ చెబుతాను. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉన్నవాడు సెప్టెంబర్ 28 న విమానం ఎక్కితే 181 రోజులు, 29 న ఎక్కితే 182. ఒక్క రోజు తేడాతో ఆ ఏడాది కువైట్ జీతం మొత్తం ఇక్కడి పన్ను లెక్కలోకి వచ్చేస్తుంది. కువైట్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, అక్కడ కట్టింది చూపించి ఇక్కడ తగ్గించుకునే దారీ లేదు. ఏజెంట్ అక్టోబర్ మొదటి వారంలో టికెట్ తీస్తానంటే ఇది గుర్తు పెట్టుకోండి.

వెళ్లి మళ్లీ అదే ఏడాది సెలవు మీద వచ్చినా జాగ్రత్త. ఈ తమ్ముడే ఇంట్లో పెళ్లి ఉందని 2025 ఫిబ్రవరి 15 న వచ్చి ఏప్రిల్ దాకా ఉండిపోయాడనుకోండి. ఫిబ్రవరిలో 14, మార్చిలో 31, కలిపి 45. పాత 142 తో కలిస్తే 187. రెసిడెంట్ అయిపోయాడు. మార్చి 1 న వచ్చి ఉంటే 173 తో బయటపడేవాడు.

ఇప్పుడు అన్న సంగతి. 2012 నుంచి కువైట్‌లో డ్రైవర్. 2024 జూన్ 10 నుంచి జూలై 4 వరకు సెలవు మీద వచ్చాడు, 25 రోజులు. ఆ తర్వాత కఫీల్‌తో మాట్లాడుకుని అకామా రద్దు చేసుకుని 2024 డిసెంబర్ 18 న వచ్చేశాడు. డిసెంబర్‌లో 14, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, మొత్తం 104. రెండు విడతలూ కలిపితే 129. 182 కి చాలా దూరం, కాబట్టి నాన్ రెసిడెంటేనని ఆయన అనుకున్నాడు.

కానీ ఆయన వచ్చేసినవాడు. 60 దాటింది కాబట్టి ముందు నాలుగేళ్లు చూడాలి. 2020 మార్చి 5 న సెలవు మీద వచ్చి కరోనాకు చిక్కుకుపోయాడు. విమానాలు లేక ఇంటి దగ్గరే ఉండి, చివరికి 2020 నవంబర్ 10 న దుబాయ్ మీదుగా వెళ్లాడు. ఆ ఒక్క ఏడాదిలోనే, అంటే ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే, 224 రోజులు. 2021-22 లో రాలేదు. 2022 జూన్ 9 నుంచి ఆగస్టు 7 వరకు 60 రోజులు. 2023 డిసెంబర్ 5 నుంచి 2024 మార్చి 10 వరకు 97 రోజులు. నాలుగేళ్ల మొత్తం 381. 365 దాటింది. ఆయన నాన్ రెసిడెంట్ కాదు, రెసిడెంట్.

కరోనా ఏడాది లేకపోతే 157 రోజులే అయ్యేవి, నాన్ రెసిడెంట్‌గానే ఉండేవాడు. 2020-21 ముందు నాలుగేళ్ల లెక్కలో ఉన్నంతవరకు ఇలాంటి ఆశ్చర్యాలు తప్పవు, ఆ ఏడాది తేదీలను తప్పకుండా చూసుకోండి.

సెలవు మీద వచ్చి, రెండు నెలలయ్యాక "ఇక పోను" అని నిర్ణయించుకున్నవాళ్ల సంగతేంటని అడుగుతారు. దిగిన రోజున మీరు ఏ ఉద్దేశంతో వచ్చారో కాగితాలు చెప్పాలి. తిరుగు టికెట్, లీవ్ లెటర్, చెల్లుబాటులో ఉన్న అకామా మూడూ ఉంటే సెలవు మీద వచ్చాననే వాదన నిలబడే అవకాశం ఉంది. ఇందులో వాదనకు చోటు ఉంది కాబట్టి ఫారం కొట్టే ముందు కాగితాలు ఆడిటర్‌కు చూపించండి. ఇది నాలాంటివాడు ఇలా రాసి తేల్చే విషయం కాదు.

5. రెసిడెంట్ అని తేలితే కంగారు వద్దు, ఇంకో గడి ఉంది

అన్నకు ఈ మాట చెప్పగానే ముఖం వాడిపోయింది. "అంటే కువైట్ జీతమంతా ఇక్కడ పన్ను కట్టాల్నా?" అక్కర్లేదు. రెసిడెంట్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి పూర్తి రెసిడెంట్. రెండోది ఫారంలో "Resident but not Ordinarily Resident" అని ఉండేది, ఆడిటర్లు ఆర్ఎన్ఓఆర్ అంటారు. చాలా ఏళ్లు బయట ఉండి ఇప్పుడే వచ్చినవాళ్లకు ఇచ్చిన వెసులుబాటు ఇది. ఈ గడిలో పడితే కువైట్‌లో సంపాదించి అక్కడే అందుకున్న జీతం మీద ఇక్కడ పన్ను పడదు. విదేశీ ఆస్తుల షెడ్యూల్ కూడా నింపక్కర్లేదు.

ఇందులోకి రావడానికి కింది రెండింటిలో ఒక్కటి ఉన్నా చాలు:

- ఈ ఏడాదికి ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయి ఉండాలి.
- లేదా ముందు ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది మొత్తం 729 రోజులు లేదా అంతకంటే తక్కువ అయి ఉండాలి.

అన్నకు 2014-15 నుంచి 2023-24 వరకు పదేళ్లు చూశాం. 224 రోజులు ఉన్న కరోనా ఏడాదిలో మాత్రమే రెసిడెంట్. మిగతా తొమ్మిదేళ్లలో వచ్చినా సెలవు మీదే వచ్చిపోయాడు, ఒక్క ఏడాదీ 182 నిండలేదు. మొదటి షరతు సరిపోయింది. రెండోదీ చూశాం, సరదాకి కాదు, ఒకటి తప్పినా ఇంకొకటి ఉంటుందని. 2017-18 లో 50, 2018-19 లో 45, 2019-20 లో మార్చి నెల 27, ఆపై నాలుగేళ్లవి 381. మొత్తం 503. అదీ సరిపోయింది.

తమ్ముడు ఫిబ్రవరిలో పెళ్లికి వచ్చి 187 రోజులు అయ్యాడనుకున్నాం చూడండి, అతనికి ఈ గడి దొరకదు. పదేళ్లూ ఇక్కడే ఉన్నాడు కాబట్టి రెండు షరతులూ తప్పుతాయి. పూర్తి రెసిడెంట్ అవుతాడు, కువైట్ జీతం చూపించాలి, అక్కడి బ్యాంకు ఖాతానూ చూపించాలి.

6. జీతం ఎక్కడ చేతికొచ్చిందో చూసుకోండి

నాన్ రెసిడెంట్‌కైనా, ఆర్ఎన్ఓఆర్‌కైనా పన్ను లేదన్నది కువైట్‌లో అందుకున్న జీతానికే. కువైట్ బ్యాంకులో పడి, అక్కడి నుంచి ఎక్స్ఛేంజ్ ద్వారా ఇంటికి పంపితే అది జీతం అందుకోవడం కాదు, డబ్బు పంపుకోవడం. కానీ కంపెనీ జీతాన్ని నేరుగా ఇండియా ఖాతాలో వేస్తుంటే అది ఇక్కడే అందుకున్నట్టని ట్యాక్స్ ఆఫీసు అడగొచ్చు. అలాంటివాళ్లు పాస్‌బుక్ తీసుకుని ఆడిటర్‌ను కలవండి.

7. ఫారం నింపడం

incometax.gov.in లో లాగిన్ అయి e-File, Income Tax Returns, File Income Tax Return వరుసలో వెళ్లండి. ఏడాది, ఆన్‌లైన్, ఇండివిడ్యువల్ ఎంచుకున్నాక ఏ ఫారం అని అడుగుతుంది. ఇక్కడే ఒక పెద్ద తప్పు జరుగుతుంది. ITR-1 అంటే సహజ్, పూర్తి రెసిడెంట్లకు మాత్రమే. నాన్ రెసిడెంట్లు, ఆర్ఎన్ఓఆర్‌లు దాన్ని వాడకూడదు. వ్యాపార ఆదాయం లేకపోతే ITR-2 తీసుకోండి.

ITR-2 లో Part A General లో రెసిడెన్షియల్ స్టేటస్ గడి ఉంటుంది. మూడు పెద్ద గడులు, ఒక్కోదాని కింద కారణాలు. స్టేటస్ ఒక్కటే సరిపోదు, కారణం కూడా ఎంచుకోవాలి.

- పూర్తి రెసిడెంట్ అయితే "182 days or more" లేదా "60 days or more" తో మొదలయ్యే వాక్యం. రెండోదాని చివర "where Explanation 1 is not applicable" అని ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లినవాడికీ, చూసిపోవడానికి వచ్చినవాడికీ వర్తించే మినహాయింపే ఆ ఎక్స్‌ప్లనేషన్ 1. తమ్ముడిలాంటివాళ్లు ఆ వాక్యం కొట్టకూడదు.
- ఆర్ఎన్ఓఆర్ అయితే "9 out of 10 preceding years" లేదా "729 days or less". అన్నకు మొదటిది ఎంచుకున్నాం.
- నాన్ రెసిడెంట్ అయితే ఆ ఏడాది ఏ దేశంలో రెసిడెంట్ అని అడుగుతుంది, అక్కడి ట్యాక్స్ నంబర్ కూడా అడుగుతుంది. కువైట్‌లో జీతగాళ్లకు అలాంటి నంబర్ ఉండదు. చాలామంది ఆడిటర్లు పాస్‌పోర్ట్ నంబరే వేస్తారు. ఆ కిందే ఈ ఏడాది ఇండియాలో ఎన్ని రోజులు, ముందు నాలుగేళ్లలో ఎన్ని రోజులు అని రెండు గడులు ఉంటాయి. 2 వ అడుగులో లెక్కేసిన అంకెలే ఇక్కడ రావాలి. తమ్ముడికి 142, 1461 వేశాం. ఇక్కడ సున్నాలు పెట్టి వదిలేసేవాళ్లున్నారు, అలా చేయొద్దు.

సరిగ్గా పడిందో లేదో ఎలా చూసుకోవాలి

సబ్మిట్ నొక్కే ముందు ప్రివ్యూ పీడీఎఫ్ దింపుకోండి. మొదటి పేజీల్లోనే స్టేటస్, దాని కారణం ఉంటాయి, కాగితం మీది లెక్కతో కలిపి చూడండి. తర్వాత రాయితీ చూడండి. 87ఏ రిబేట్ నాన్ రెసిడెంట్‌కు రాదు. నాన్ రెసిడెంట్ అని పెట్టాక కూడా రిబేట్ కనిపిస్తుంటే స్టేటస్ ఎక్కడో వేరుగా పడింది. ఆర్ఎన్ఓఆర్ కూడా ఒక రకం రెసిడెంటే కాబట్టి అతనికి వస్తుంది. చివరగా, ఆర్ఎన్ఓఆర్ గడి కొట్టాక కూడా విదేశీ ఆస్తుల షెడ్యూల్ తప్పనిసరిగా నింపమంటే మీరు పూర్తి రెసిడెంట్ గడి కొట్టారేమో చూడండి.

పంపాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అసలు చేయకపోతే పంపనట్టే.

తరచూ దొర్లే తప్పులు

"నాకు ఎన్ఆర్ఈ ఖాతా ఉంది, కాబట్టి నేను ఎన్నారై." కాదు. ఆ ఖాతా విదేశీ మారకపు చట్టం ఫెమా కింద వస్తుంది, బ్యాంకు లెక్క వేరు. ఫెమాలో పనిచేయడానికి బయటకు పోయిన రోజు నుంచే మీరు బయటివారు, తిరిగి వచ్చేసిన రోజు నుంచే ఇక్కడివారు. ఆదాయపు పన్ను మాత్రం ఏడాదంతటికీ ఒకే స్టేటస్ ఇస్తుంది. సగం ఏడాది రెసిడెంట్, సగం ఏడాది నాన్ రెసిడెంట్ అని ఈ ఫారంలో ఉండదు. ఇంకో సంగతి, వచ్చేసినవాళ్లు బ్యాంకుకు వెళ్లి ఎన్ఆర్ఈ ఖాతాను మార్పించుకోవాలి. చాలామంది ఏళ్ల తరబడి అలాగే వదిలేసి, దాని వడ్డీకి పన్ను లేదనే అనుకుంటారు.

పోయినేడాది కొట్టిందే ఈ ఏడాదీ కొట్టడం రెండో తప్పు. పాత రిటర్న్ లోంచి స్టేటస్ తీసుకోవద్దు, ప్రతి ఏడాది లెక్క మళ్లీ చేయాలి. అన్న 2023-24 లో నాన్ రెసిడెంట్, 2024-25 లో ఆర్ఎన్ఓఆర్. 2025-26 లో ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి రెసిడెంట్, మళ్లీ ఆర్ఎన్ఓఆరేనా అన్నది కొత్త పదేళ్లతో, కొత్త ఏడేళ్లతో చూడాలి.

మూడోది, రోజులు లెక్కేయకుండా పక్కింటివాడిది చూసి కొట్టడం. "మా బావమరిది కూడా డిసెంబర్‌లోనే వచ్చినాడు, నాన్ రెసిడెంట్ కొట్టినాడు." ఆ బావమరిది కరోనా ఏడాది కువైట్‌లోనే ఉండిపోయి ఉంటాడు.

ఇప్పటికే తప్పు స్టేటస్‌తో పంపేసి ఉంటే

2024-25 ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ డిసెంబర్ 31 లోపు రివైజ్డ్ రిటర్న్ వేసుకునే వీలుండేది. అంటే 2025 డిసెంబర్ 31. అందులో పాత రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, తేదీ అడుగుతుంది, దగ్గర పెట్టుకోండి. ITR-1 వేసేసి ఉన్నా రివైజ్డ్‌లో ITR-2 కు మారొచ్చు. ఆ గడువు దాటితే ITR-U ఉంది, కానీ అది పన్ను ఎక్కువ కట్టడానికే. రీఫండ్ అడగడానికి, పన్ను తగ్గించుకోవడానికి పనికిరాదు.

అన్న విషయంలో పని ఇలాగే జరిగింది. నెట్ సెంటర్‌లో జూలైలో ITR-1 లో రెసిడెంట్ అని వేసేశారు. ఎన్ఆర్ఓ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు కోసిన టీడీఎస్ రీఫండ్ వస్తుందని ఆశపడి వేయించుకున్నాడు. పాస్‌పోర్టులు రెండూ తెప్పించి, కాగితం మీద పదేళ్లూ రాసి, సెప్టెంబర్‌లో ITR-2 లో ఆర్ఎన్ఓఆర్ అని రివైజ్ చేశాం. లెక్క రాసిన ఆ కాగితాన్ని ఇప్పుడు పాత పాస్‌పోర్ట్ మధ్యలో పెట్టుకున్నాడు.